గీసి చూడు, తూచి చూడు, చుక్క వేసి చూడు

పాత ఇల్లు పడగొట్టిన చోటు నుంచి తుక్కు బస్తా వస్తే అందులో కుళాయిలు ఉండకుండా ఉండవు. రెండు కుళాయిలు తీసి పక్కపక్కన పెట్టండి. రెండూ ఒకేలా తళతళలాడతాయి, రెండింటి మీదా క్రోమియం పూతే. ఒకదాని లోపల ఉన్నది ఇత్తడి. రెండోదాని లోపల ఉన్నది జింకు మిశ్రమం. కొలిమి పెట్టుకుని పోతపోసే చిన్న వర్క్‌షాపు ఈ తేడా పట్టించుకోకపోతే ఎంత నష్టమో ఒక లెక్క వేసి చూద్దాం.

కుళాయిలకు వాడే జింకు మిశ్రమంలో నూటికి నాలుగు వంతుల దాకా అల్యూమినియం ఉంటుంది. అంటే అరకిలో కుళాయిలో 20 గ్రాములు. వాల్వులు పోయడానికి 50 కిలోల గన్‌మెటల్ కరిగిస్తున్న మూసలో ఆ ఒక్క కుళాయి పడిందనుకోండి. కరిగిన లోహంలో అల్యూమినియం 0.04 శాతానికి చేరుతుంది. రాగి, తగరం, జింకు, సీసం కలిసిన గన్‌మెటల్‌కు 0.01 శాతం అల్యూమినియమే ఎక్కువ. అది గాలి తగిలి సన్నటి పొరలుగా మారి లోహం మధ్యలో ఇరుక్కుంటుంది. పోత పైకి బాగానే కనిపిస్తుంది, లేత్ మీద కూడా బాగానే తెగుతుంది. తీరా నీటి ఒత్తిడి పెట్టి పరీక్షించేసరికి వాల్వు గోడల్లోంచి చెమ్మ ఊరుతుంది. ఒక్క కుళాయి వల్ల 50 కిలోల లోహం, దాని వెనక ఉన్న బొగ్గు, అచ్చు, కూలి అన్నీ పోయినట్టే.

పెద్ద తుక్కు వ్యాపారుల దగ్గర ఎక్స్‌ఆర్‌ఎఫ్ అనే చేతి యంత్రం ఉంటుంది. తుపాకీలా పట్టుకుని లోహానికి ఆనిస్తే కొద్ది సెకన్లలో అందులో ఏ మూలకం ఎంత ఉందో తెర మీద చూపిస్తుంది. దాని ధర లక్షల్లో ఉంటుంది. ఇద్దరు ముగ్గురు పనిచేసే షెడ్డులో దానికి బదులు ఒక అయస్కాంతం, ఒక ఆకురాయి, వంటింటి డిజిటల్ కాటా, నాలుగైదు మందు సీసాలు చాలా దూరం తీసుకెళ్తాయి. అయితే వీటిలో ఏ పరీక్షా "ఇది ఫలానా లోహం" అని చెప్పదు. ఒక్కో పరీక్ష ఒక్కో ప్రశ్నకే జవాబిస్తుంది. ఏ ప్రశ్న ముందు అడగాలో, ఏది తర్వాత అడగాలో తెలియడంలోనే పనితనం ఉంది.

ముందు అయస్కాంతం, వెంటనే ఆకురాయి

ఇత్తడికి, అల్యూమినియానికి అయస్కాంతం అంటదు. గట్టిగా పట్టుకుంటే లోపల ఇనుము ఉన్నట్టే. ఇత్తడి రంగులో మెరిసే గొళ్లాలు, గడియలు, కర్టెన్ రాడ్లలో చాలావాటికి ఇత్తడి పూత మాత్రమే ఉంటుంది, లోపల ఇనుమే. అయస్కాంతం వాటిని ఒక్క క్షణంలో పట్టిస్తుంది. కిటికీ చట్రాల్లో మిగిలిపోయిన ఇనుప స్క్రూలను కూడా ఇదే ఏరేస్తుంది. స్టెయిన్‌లెస్ స్క్రూలను మాత్రం చాలాసార్లు వదిలేస్తుంది. అవి అల్యూమినియం మూసలోకి వెళితే కరగవు, ఎందుకంటే అల్యూమినియం 660 డిగ్రీలకు కరిగితే స్టెయిన్‌లెస్‌కు 1400 డిగ్రీల వేడి కావాలి. కానీ అడుగున పడి ఉన్నంతసేపూ వాటిలోని ఇనుము కొద్దికొద్దిగా అల్యూమినియంలోకి దిగుతుంది, పోత పెళుసెక్కుతుంది. అందుకే స్క్రూలను కంటితో వెతికి విప్పేయాల్సిందే.

అయస్కాంతం తర్వాత ఆకురాయి. కనిపించని చోట, అంచు మీదో వెనకవైపో, రూపాయి బిళ్ల వెడల్పున పూత పోయేదాకా గీయాలి. ఆ తర్వాత చేసే ప్రతి పరీక్షా ఆ గీసిన చోటే చేయాలి. క్రోమియం పూత మీద చుక్క వేస్తే జవాబు చెప్పేది క్రోమియం. కిటికీ చానెల్ మీద ఉన్న ఆనోడైజింగ్ పొర మీద వేస్తే జవాబు చెప్పేది ఆ పొర. చుక్క పరీక్షలు తప్పడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

గీసినప్పుడు కనబడే రంగు కూడా ఒక జవాబే. ఇత్తడి లోపల పసుపుగా ఉంటుంది. ఎర్రగా ఉంటే రాగి, లేదా రాగి బాగా ఎక్కువున్న మిశ్రమం. బూడిద కలిసిన తెలుపైతే జింకు, అల్యూమినియం, స్టీలు, జర్మన్ సిల్వర్ వీటిలో ఏదైనా కావచ్చు. ఇక్కడ చేతికి ఒక ఆనవాలు దొరుకుతుంది. అల్యూమినియం మెత్తగా గీసుకుపోయి ఆకురాయి పళ్లలో ఇరుక్కుంటుంది. స్టెయిన్‌లెస్ మీద ఆకురాయి జారుతూ కీచుమంటుంది. గ్రైండర్ చక్రం మీద పెట్టి నిప్పురవ్వలు చూసే అలవాటు కొందరికి ఉంది. ఇనుము, స్టీలు వేరుచేయడానికి అది పనికొస్తుంది కానీ, అల్యూమినియాన్ని ఆ చక్రం మీద పెట్టకూడదు. అది చక్రాన్ని మూసుకుపోయేలా చేస్తుంది, దాని సన్నటి పొడి ఇనుప రవ్వలు తగిలితే భగ్గుమంటుంది.

నీళ్లలో తూచడం: రెండు కుళాయిల కథ

జింకు కుళాయినీ ఇత్తడి కుళాయినీ వేరుచేయడానికి రంగు సాధారణంగా సరిపోతుంది. అయినా గీయడానికి వీల్లేని ముక్క, అనుమానం తీరని ముక్క ఉంటాయి. వాటికి కాటా ఉంది. ఏ మందూ అక్కర్లేని ఈ పరీక్ష చిన్న షెడ్డుకు నిజంగా గొప్ప ఆస్తి.

కుళాయి లోపలి రబ్బరు వాషర్లు, ప్లాస్టిక్ పిడి, ఇనుప స్క్రూ తీసేయాలి. పొడిగా ఉన్నప్పుడు బరువు తూచి రాసుకోవాలి. తర్వాత నీళ్లు పోసిన ప్లాస్టిక్ డబ్బాను కాటా మీద పెట్టి సున్నా చేయాలి. కుళాయికి సన్నటి దారం కట్టి, చేత్తో పట్టుకుని, పూర్తిగా మునిగేలా నీళ్లలోకి దించాలి. అది డబ్బా అడుగుకు గానీ గోడకు గానీ తగలకూడదు. అప్పుడు కాటా చూపించే గ్రాములు కుళాయి తోసేసిన నీళ్ల బరువు. ఒక ఘన సెంటీమీటరు నీళ్లు ఒక గ్రాము కాబట్టి, ఆ అంకె కుళాయి ఘనపరిమాణం కూడా అవుతుంది. పొడి బరువును ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వచ్చేస్తుంది.

మొదటి కుళాయి పొడిగా 482 గ్రాములు తూగిందనుకుందాం. నీళ్లలో దించితే కాటా 57 చూపింది. 482ను 57తో భాగిస్తే 8.46. రెండోది పొడిగా 395 గ్రాములు, నీళ్లలో దించితే 59. భాగిస్తే 6.69. ఇత్తడి సాంద్రత 8.4 నుంచి 8.7 దాకా ఉంటుంది. కుళాయిల జింకు మిశ్రమానిది 6.7 దగ్గర. స్టెయిన్‌లెస్ 7.7 నుంచి 8 మధ్య, అల్యూమినియం 2.7 దగ్గర ఉంటాయి. మొదటిది ఇత్తడి, రెండోది జింకు అని ఇక వాదన అక్కర్లేదు.

ఇక్కడ తప్పు జరిగేది రెండు చోట్ల. కుళాయి గొట్టంలో గాలి బుడగ మిగిలితే ఘనపరిమాణం ఎక్కువగా కనిపించి, ఇత్తడి కూడా జింకులా తేలుతుంది. నీళ్లలో అటూ ఇటూ తిప్పి బుడగలన్నీ పోయాకే అంకె చూడాలి. రెండోది చిన్న ముక్కలతో వచ్చే చిక్కు. ఇరవై గ్రాముల నట్టు తోసేసే నీళ్లు రెండు మూడు గ్రాములే. కాటా ఒక గ్రాము అటూ ఇటూ అయితే జవాబు మొత్తం మారిపోతుంది. ఒకే రకం నట్లు పాతిక కలిపి దారానికి గుచ్చి తూచితే ఆ తప్పు తగ్గుతుంది.

ఇత్తడినీ గన్‌మెటల్‌నీ ఈ పద్ధతి నమ్మకంగా వేరుచేయలేదు. గన్‌మెటల్ సాంద్రత 8.7 దాటి ఉండాలి, కానీ పోతలో సన్నటి రంధ్రాలుంటే అది కిందికి దిగి ఇత్తడితో కలిసిపోతుంది. అక్కడ నైట్రిక్ యాసిడ్ కావాలి. సగం నీళ్లు, సగం యాసిడ్ కలిపిన చుక్క గీసిన చోట వేస్తే ఇత్తడి నురగలు కక్కి, చుక్క నీలం కలిసిన ఆకుపచ్చగా తేటగా మారుతుంది. తగరం ఉన్న కంచు మీదా గన్‌మెటల్ మీదా అదే చుక్కలో తెల్లటి మడ్డి దిగుతుంది, తగరం ఈ యాసిడ్‌లో కరగదు కాబట్టి. స్టెయిన్‌లెస్ మీద ఆ చుక్క ఊరికే నిలబడుతుంది. చూపుకు స్టీలులా తెల్లగా ఉండే జర్మన్ సిల్వర్ మీద మాత్రం రంగు తిరుగుతుంది. దాని పేరులో వెండి ఉన్నా లోపల ఉన్నవి రాగి, జింకు, నికిల్.

మన ఇళ్లలోని పాత ఇత్తడి సామానుతో ఇక్కడొక జాగ్రత్త ఉంది. బిందెలకూ గిన్నెలకూ లోపలివైపు కళాయి పూస్తారు. కళాయి అంటే తగరమే. దాని మీద చుక్క వేస్తే తెల్లటి మడ్డి వచ్చి ఇత్తడి గిన్నె కంచు గిన్నె అయిపోతుంది. బయటివైపు గీసి చూడాలి.

అయస్కాంతం పట్టకపోతే 304 అయిపోదు

"ఇది 304 స్టీలేనండీ, చూడండి, అయస్కాంతం పట్టట్లేదు." తుక్కు బేరంలో ఈ మాట వినని వర్క్‌షాపు ఉండదు. ఈ మాట సగమే నిజం.

304 రకంలో నూటికి 18 వంతుల క్రోమియం, 8 వంతులకు పైగా నికిల్ ఉంటాయి. నికిల్ ఖరీదైన లోహం, తుక్కు రేటును నిర్ణయించేది అదే. నికిల్ తగ్గించి ఆ చోట మాంగనీసు నింపి తయారుచేసినవి 200 వరుస స్టీళ్లు. 202 రకంలో నికిల్ 4 నుంచి 6 శాతం, మాంగనీసు ఏడున్నర నుంచి 10 శాతం. 304లో మాంగనీసు 2 శాతం దాటదు. ఈ రెండూ అయస్కాంతానికి అంటవు. పైగా 304 సింకును మూలల్లో వంచి నొక్కినప్పుడు ఆ వంపుల దగ్గర లోహం అమరిక మారి కొద్దిగా అయస్కాంత గుణం వస్తుంది. కాబట్టి అయస్కాంతం పట్టనిది 304 కాకపోవచ్చు, మూలన కొంచెం పట్టింది 304 కావచ్చు.

అయస్కాంతం గట్టిగా పట్టి, తెల్లగా మెరిసే ముక్క దొరికితే ప్రశ్న వేరు. అది క్రోమియం పూసిన ఇనుమా, లేక నికిల్ లేని 430 రకం స్టెయిన్‌లెస్సా? దీనికి మైలతుత్తం చాలు. రైతులు బోర్డో మిశ్రమానికి వాడేది అదే. 250 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 1 మిల్లీలీటరు సల్ఫ్యూరిక్ యాసిడ్ వేసి, 4 గ్రాముల మైలతుత్తం కరిగించాలి. ఎప్పుడైనా నీళ్లలోకి యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు. పూత పోయేదాకా గీసిన చోట ఈ నీలి చుక్క వేస్తే మామూలు ఇనుము మీద వెంటనే రాగి రంగు పొర పట్టేస్తుంది. స్టెయిన్‌లెస్ మీద రంగు పట్టదు, దాని మీద ఉండే కంటికి కనిపించని క్రోమియం ఆక్సైడ్ పొర అడ్డుకుంటుంది. అంతకుముందు ఇనుము గీసిన ఆకురాయితోనే స్టెయిన్‌లెస్‌ను గీస్తే మాత్రం ఆకురాయి వదిలిన ఇనుప రజను మీద ఎర్రటి చుక్కలు తేలి మోసం చేస్తాయి. స్టెయిన్‌లెస్‌కు విడిగా ఒక ఆకురాయి ఉంచుకోవాలి.

ఇక 304, 202ల సంగతి. వీటిని వేరుచేయడానికి బజారులో మాంగనీసు పరీక్ష మందు సీసాల్లో దొరుకుతుంది. గీసిన చోట చుక్క వేసి, 9 వోల్టుల బ్యాటరీ ఒక కొసను లోహానికి, రెండో కొసను చుక్కకు తాకిస్తారు. కరెంటు కొద్దిపాటి లోహాన్ని చుక్కలోకి కరిగిస్తుంది, మందు దానితో కలిసి రంగు తిరుగుతుంది. ఏ కొస ఎక్కడ తాకించాలో, ఏ రంగు దేనికో తయారీదారును బట్టి మారుతుంది కాబట్టి సీసా మీద రాసిందే ప్రమాణం. సీసా పాతబడితే రంగు బలహీనపడుతుంది. అందుకని ఖచ్చితంగా 304 అని తెలిసిన ముక్కను ఒకటి, 202 అని తెలిసిన ముక్కను ఒకటి పక్కన పెట్టి, మూడింటి మీదా ఒకేసారి చుక్క వేయాలి. తెలియని ముక్క ఈ రెండింటిలో దేనిలా ప్రవర్తించిందో అదే జవాబు.

నికిల్ పరీక్షకు డైమిథైల్ గ్లయాక్సైమ్ అనే మందు ఉంది. అమ్మోనియాతో కలిపితే అది నికిల్ తగిలిన చోట గులాబీ ఎరుపు రంగు చూపిస్తుంది. నికిల్ ఉందా లేదా అని మాత్రమే అది చెప్పగలదు, ఎంత ఉందో చెప్పలేదు. 202లోనూ నికిల్ ఉంది కాబట్టి అక్కడా ఎర్రబడుతుంది. ఆ ఎరుపు చూపించి 304 అని అమ్మితే కొనకండి.

అల్యూమినియం లోపలి గుట్టు

అల్యూమినియం గుర్తుపట్టడానికి చేతి బరువే చాలు. కష్టమంతా అల్యూమినియంలోని రకాలతోనే. కిటికీ చానెల్‌లో సిలికాన్ అర శాతం అటూ ఇటూ ఉంటుంది. ఆటో పిస్టన్‌లో సిలికాన్ పన్నెండు శాతం దాకా, దానికి తోడు రాగి కూడా ఉంటుంది. రెండూ ఒకే మూసలో పడితే వచ్చే దిమ్మె కిటికీ చానెల్‌కూ పనికిరాదు, పిస్టన్‌కూ పనికిరాదు.

సబ్బుల తయారీకి వాడే కాస్టిక్ సోడా వీటిని వేరుచేస్తుంది. ప్లాస్టిక్ మగ్గులో 100 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని, 20 గ్రాముల కాస్టిక్ సోడాను కొద్దికొద్దిగా వేస్తూ కలపాలి. నీళ్లు చేయి కాలేంత వేడెక్కుతాయి, అందుకే తొందరపడకూడదు. గీసిన చోట ఒక చుక్క వేసి అయిదు నిమిషాలు ఆగి కడిగేయాలి. చుక్క బుడగలు కక్కుతుంది, ఆ బుడగలు హైడ్రోజన్. దగ్గర్లో నిప్పు ఉండకూడదు. కడిగాక మచ్చ తెల్లగా ఉంటే కిటికీ చానెల్, వంటపాత్ర, కరెంటు తీగ లాంటి రకం. బూడిద రంగుకు తిరిగితే సిలికాన్ కలిసిన పోత అల్యూమినియం. బండి అల్లాయ్ వీల్ ఇలా తిరుగుతుంది. నల్లబడితే రాగి గానీ, జింకు గానీ కలిసిన రకం. కారణం తేలికే: కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని కరిగించుకుపోతుంది కానీ సిలికాన్ ముక్కలనూ రాగినీ అక్కడే వదిలేస్తుంది. మనం చూసేది ఆ మిగిలిన పొడినే.

తెల్లగా మిగిలిన వాటిలో మళ్లీ ఏది ఏదో కాస్టిక్ చెప్పలేదు. అక్కడ ముక్క ఆకారమే ఆధారం: తీగ తీగతో, చానెల్ చానెల్‌తో, పాత్ర పాత్రతో పోవాలి.

చుక్క వేస్తే అసలు బుడగే రాని తేలికపాటి తెల్ల లోహం ఒకటుంది. దాన్ని వెంటనే పక్కన పెట్టండి. అది మెగ్నీషియం కావచ్చు. సాంద్రత 1.8 దగ్గర ఉంటుంది, అల్యూమినియం కన్నా మూడోవంతు తేలిక. కొన్ని కరెంటు పనిముట్ల చట్రాలు, రంపపు యంత్రాల పెట్టెలు దీనితో చేస్తారు. కాస్టిక్ దీన్ని తాకదు, వెనిగర్ చుక్క వేస్తే మాత్రం నురగలు వస్తాయి. మూసలో పడితే కళ్లు మిరుమిట్లు గొలిపేలా మండుతుంది, నీళ్లు చల్లితే మంట ఇంకా పెరుగుతుంది.

మందుల దగ్గర మరిచిపోకూడనివి

నైట్రిక్ యాసిడ్ ఇత్తడి మీద గోధుమరంగు పొగ వదులుతుంది. అది ఊపిరితిత్తులకు విషం. చుక్క పరీక్ష ఆరుబయటే చేయాలి. కాస్టిక్ సోడా కంట్లో పడితే యాసిడ్ కన్నా లోతుగా కాలుస్తుంది. కళ్లద్దాలు, రబ్బరు గ్లవ్స్ లేకుండా సీసా మూత తీయొద్దు, పక్కనే నీళ్ల కుళాయి ఉండాలి. మిగిలిపోయిన యాసిడ్‌నూ కాస్టిక్‌నూ ఒకే డబ్బాలో పారబోయొద్దు. కూల్‌డ్రింకు సీసాల్లో అసలే పోసి ఉంచొద్దు. పిల్లలూ కొత్త కుర్రాళ్లూ తాగిన ప్రమాదాలు అలాంటి సీసాల వల్లే జరుగుతాయి.

పరీక్షించిన ముక్కను కడిగి, పూర్తిగా ఆరబెట్టాకే మూసలో వేయాలి. కరిగిన లోహం అడుగున నీటి చుక్క చిక్కితే అది ఒక్కసారిగా ఆవిరై లోహాన్ని మనిషి మీదికి ఎగజిమ్ముతుంది. నీళ్లలో తూచిన కుళాయికి ఈ జాగ్రత్త మరీ ముఖ్యం, దాని గొట్టంలో తడి చాలాసేపు నిలుస్తుంది.

మీ షెడ్డులో గోడకు ఒక చెక్క పలక తగిలించండి. తెలిసిన లోహాల ముక్కలు దాని మీద బిగించి, కింద పేర్లు రాయండి: ఇత్తడి, గన్‌మెటల్, జింకు, 304, 202, 430, కిటికీ అల్యూమినియం, పిస్టన్ అల్యూమినియం. ప్రతి కొత్త సీసానూ ముందు వీటి మీద పరీక్షించండి, ప్రతి కొత్త కుర్రాడి చేతా వీటి మీదే మొదటి చుక్కలు వేయించండి. ఇత్తడి, స్టీలు, అల్యూమినియం డబ్బాల పక్కన "తెలియదు" అని రాసిన డబ్బా ఒకటి తప్పకుండా పెట్టండి. అయస్కాంతం, ఆకురాయి, కాటా, చుక్క నాలుగూ కలిసి ఒకే మాట చెప్పని ముక్క అందులోకే పోవాలి. ఆ డబ్బా నిండాక ఎక్స్‌ఆర్‌ఎఫ్ ఉన్న వ్యాపారి దగ్గరికి తీసుకెళ్లి చూపించండి. అప్పటిదాకా అందులోని ఒక్క ముక్కనూ మూసలో వేయకండి.